మా ప్రెస్‌కు కొత్త ప్రొడక్షన్ మేనేజర్: ఇకపై దేనికి ఎవరిని అడగాలి

మా ప్రెస్‌లో డీటీపీ విభాగాన్ని చూసుకుంటున్న సీనియర్ ఆపరేటర్ ఈ నెల 1వ తేదీ నుంచి ప్రొడక్షన్ మేనేజర్ అయ్యారు. మా దగ్గర పుస్తకం వేయించుకున్న మీలో చాలామందికి ఆమె గొంతు పరిచయమే. "ఈ పేజీలో మీరు దిద్దిన మాట ఇదేనా, ఒకసారి చూసి చెప్పండి" అని ఫోను చేసేది ఆమే. పేరు, ఫోటో పెట్టవద్దని ఆమె కోరారు కాబట్టి హోదాతోనే రాస్తున్నాను.

ఈ హోదా ఎందుకు ఇచ్చామో చెప్పాలంటే ఒక పుస్తకం సంగతి చెప్పాలి. అది 160 పేజీల కథల సంపుటి. లోపల ఒకే రంగు. ఒక్కో ఫారానికి 16 పేజీల చొప్పున మొత్తం 10 ఫారాలు. రచయిత చివరి ప్రూఫ్ చదివి సంతకం చేశారు. తర్వాత ముందుమాటలో ఒక పేరు మార్చవలసి వచ్చి, ఆ మార్పు తన కంప్యూటరులోనే చేసుకుని కొత్త పీడీఎఫ్ పంపారు. ఫాంటు పేరు అదే, పేజీల సంఖ్యా అదే. మొదటి ఫారానికి ప్లేట్లు తీసి మెషిన్‌కు ఎక్కించారు.

సిరా, మార్జిన్లు సరిచూడటానికి ముందుగా కొన్ని షీట్లు తీస్తాం. మా మెషిన్ ఆపరేటర్ అందులో ఒక షీటు వెలుతురుకు పెట్టి చూసి, మెషిన్ ఆపేశారు. "స్త్రీ" అన్న అక్షరంలో వత్తులు కింద కుదురుకోకుండా పక్కకు జరిగి ఉన్నాయి. సిరా సరిగ్గా ఉందా లేదా అన్నంత వరకే ఆయన పని. అక్షరాల వరకూ చూడాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

షీటు ఆమె చేతికి వచ్చింది. రచయిత కంప్యూటరులో ఉన్నది అదే ఫాంటుకు వేరే వెర్షన్. ఆ వెర్షన్‌లో కొన్ని అక్షరాల వెడల్పు కొద్దిగా ఎక్కువ. వత్తులు చెదరడం కంటికి కనిపించే తప్పు. వెడల్పు మారితే వరుసలు జరుగుతాయి, అది అంత తేలిగ్గా కనిపించదు. ఆమె సంతకం ఉన్న ప్రూఫును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టుకుని ప్రతి పేజీలో చివరి మాట కలుస్తున్నదా లేదా అని చూసుకుంటూ పోయారు. పేజీ చివరి మాట కలిస్తే పైన వరుసలు జరగలేదని దాదాపు నమ్మవచ్చు. దాదాపు అనడానికి కారణం ఉంది: ఏదైనా పేరా చివరి వరుసలో ఖాళీ ఉంటే ఆ తేడా అక్కడే సర్దుకుని, పేజీ చివరిదాకా రాదు. అందుకే ఆమె పేరాల చివరి వరుసలను కూడా చూస్తారు.

మూడో కథ చివరి రెండు వరుసలు కొత్త పేజీలోకి వెళ్ళిపోయినట్టు అలా దొరికింది. ఆ తర్వాతి కథలన్నీ ఒక్కో పేజీ ముందుకు జరిగాయి. విషయసూచికలో అంకెలు మాత్రం పాతవే ఉన్నాయి. పుస్తకం చివర వదిలిన తెల్ల పేజీ ఆ అదనంలో కలిసిపోయింది కాబట్టి మొత్తం 160 పేజీలుగానే కనిపించింది. పేజీలు లెక్కపెట్టి ఊరుకునేవారికి ఈ తప్పు ఎప్పటికీ దొరకదు.

ఆమె మా దగ్గరున్న అసలు ఫైలులోనే ఆ ఒక్క పేరు మార్చి, ఫాంటు ఫైలులోనే ఇమిడి ఉండేలా పీడీఎఫ్ తీశారు. మిగతా ఫారాలకు ఇంకా ప్లేట్లు తీయలేదు కాబట్టి మొదటి ఫారానికి రెండు వైపులా రెండు ప్లేట్లు మార్చితే సరిపోయింది. ఆ తర్వాత కూడా పాత షీట్లు కొన్ని మంచివాటిలో కలిసిపోయాయి. మడత పెట్టేటప్పుడు బైండింగులో పనిచేసే ఇద్దరు అక్కలు ముందుమాటలోని వత్తులు చూసి వాటిని ఏరి పక్కన పెట్టారు. పుస్తకం ఆవిష్కరణకు ముందే రచయిత చేతికి అందింది. ఆ పుస్తకం బాగుందని ఎవరైనా నాతో అంటే ఈ నలుగురినీ తలచుకుంటాను.

ఆ రోజు ఇంకో విషయం జరిగింది. కొత్త ప్లేట్లు తీయడానికి నా అనుమతి కావాలి. నేను ప్రయాణంలో ఉన్నాను. నా ఫోను కలిసేదాకా మెషిన్ ఖాళీగా నిలబడింది. కారణం ఏమిటో, ఏం చేయాలో అన్నీ ఆమెకు తెలుసు, సరేనని చెప్పే అధికారం ఒక్కటే లేదు. ఇప్పుడు ఇచ్చింది అదే.

ఇకపై మీ పుస్తకం ఎప్పుడు అందుతుందో ఆమె చెబుతారు. నేను మాట వరుసకు ఏదైనా తేదీ అన్నా, ఆమె రాసి ఇచ్చిన తేదీయే లెక్క. చివరి ప్రూఫ్ మీద మీ సంతకం పక్కన ఆమె సంతకం లేకుండా ప్లేట్లు తీయరు. సంతకం అయ్యాక మీ వైపు నుంచి కొత్త ఫైలు వస్తే, ఎంత చిన్న మార్పయినా అది మళ్ళీ ప్రూఫ్ దశకు వెళ్ళవలసిందే. తప్పు కనిపిస్తే మెషిన్ ఆపమని ప్రెస్‌లో ఎవరైనా అనవచ్చు, తిరిగి నడపమని చెప్పేది మాత్రం ఆమె. తప్పు మాదైతే ఒకటి రెండు ఫారాలు మా ఖర్చుతో మళ్ళీ వేయించే నిర్ణయం నన్ను అడగకుండానే ఆమె తీసుకుంటారు. పుస్తకం మొత్తం మళ్ళీ వేయవలసి వస్తే అది నా దగ్గరకు వస్తుంది. మీరు ఒప్పుకున్న కాగితం దొరక్కపోతే వేరేది వాడటానికి మీ రాతపూర్వక అంగీకారం తీసుకోవలసిన బాధ్యత కూడా ఆమెదే.

ధరలు, అప్పు గడువులు, బాకీలు ఆమె పరిధిలో లేవు, అవి నాతోనే మాట్లాడండి. ధర తగ్గించమని దయచేసి ఆమెను ఇబ్బంది పెట్టవద్దు. నాణ్యత చూసే మనిషి మీద ధర ఒత్తిడి పడితే ముందుగా దెబ్బతినేది మీ పుస్తకమే.

ఆమె జీతం కూడా ఇదే తేదీ నుంచి పెరిగింది. బాధ్యత పెంచి జీతం అలాగే ఉంచడాన్ని నేను పదోన్నతిగా లెక్కపెట్టను.

ఒక మార్పు మీలో కొందరికి కష్టంగా ఉంటుంది. ఇకపై మీ దిద్దుబాట్లు ఆమె స్వయంగా టైపు చేయరు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న యువకుడు ఆ కుర్చీలోకి వస్తున్నారు. పేజీ చివరి మాట చూసే పద్ధతి ఆయనకూ అలవాటే, కానీ ఆమెకున్న వేగం ఇంకా రాలేదు. కొంతకాలం ప్రూఫులు ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఆవిష్కరణ తేదీ ముందే పెట్టుకున్నవారు ఆ రోజును కలుపుకుని ఫైలు పంపండి. దిద్దుబాట్లు ఫోనులో చెప్పకుండా ప్రూఫ్ కాగితం మీదే రాయండి, ఆయనకు అదే పెద్ద సాయం.

ఆమెతో మాట్లాడాలంటే పని వేళల్లో ప్రెస్ నంబరుకు ఫోను చేయండి. సొంత నంబరు మీ దగ్గర ఉన్నా రాత్రిళ్ళు దానికి చేయవద్దు. అంత అత్యవసరమైతే నాకు చేయండి.

ఇప్పటికే ప్రూఫ్ మీద నా సంతకం ఉన్న పుస్తకాలు చేతికి అందేదాకా నా బాధ్యతే. ఈ నెల 1వ తేదీ తర్వాత ఫైలు వచ్చిన ప్రతి పుస్తకం ఆమెది.