యాభైమంది ఆడపిల్లల పేర్లు ఎందుకు సార్? ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రిగారికి,

అనంతపురం నుంచి నమస్కారాలు. డిగ్రీ విద్యార్థులకు ఇచ్చిన ప్రాజెక్టు అంశాల జాబితా మీద ఇది మా నాలుగో అర్జీ. మొదటి మూడూ ఏ బీరువాలో సుఖంగా ఉన్నాయో తమరికే తెలియాలి. సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ జాబితాలో ఇంకా బతికే ఉంది. పోనివ్వండి, ఒక గీత గీస్తే పోతుంది. మా గోడంతా "ఆన్‌లైన్ వేధింపులు: విద్యార్థినుల అనుభవాలు" అన్న అంశం గురించి. దానికి ప్రాజెక్టు చేసే విద్యార్థులు యాభైమంది అమ్మాయిల చేత ఫారం నింపించాలట. పేరు, ఫోన్ నంబరు, సంతకం, వీలైతే స్క్రీన్‌షాట్. ఆ పక్క అంశం డేటా గోప్యత!

పేరు కొట్టేస్తే సరిపోతుందని ఒక అధికారి సెలవిచ్చారు. సరిపోదు సార్. "సెకండియర్, కంప్యూటర్స్, గుత్తి నుంచి బస్సులో వస్తుంది" అన్న మూడు గడులు చాలు, క్లాసులో ఎవరైనా ఆ అమ్మాయి ఎవరో చెప్పేస్తారు. గూగుల్ ఫారంలో పేరు అడగకపోయినా, ఈమెయిల్ సేకరించే సెట్టింగు ఆన్‌లో ఉంటే చిరునామా షీట్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ షీట్ లింకు వాట్సాప్ గ్రూపులో పడ్డాక దాచేదేముంది?

అంతకన్నా పెద్ద చిక్కు వయసు. ఫస్టియర్లో 17 ఏళ్ల పిల్లలుంటారు. లైంగిక ఉద్దేశంతో పదేపదే మెసేజిలు పెట్టి వెంటపడటం, మార్ఫింగ్ ఫొటో బయటపెడతానని బెదిరించడం పోక్సో చట్టంలో నేరాలు. 18 నిండని అమ్మాయి ఫారంలో అది రాస్తే, చదివినవారు 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి. లేకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఫారాలు దిద్దే లెక్చరరు మార్కులేసి బైండింగుకు పంపాలా, స్టేషన్‌కు పోవాలా? "మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని ఫారం నెత్తిన అచ్చేసిన మాట సంగతేమిటి? తమరే చెప్పండి.

మనుషుల జోలికి పోకుండానే ఈ పాఠం చెప్పొచ్చు. కల్పిత కేసు ఒకటి ఇవ్వండి చాలు. స్నేహితురాలు తీసిన ఫొటో పెట్టి, ఒక అమ్మాయి పేరుతో ఎవడో నకిలీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచాడు. ఫొటో నాదే కదా అని ఆమె కాపీరైట్ ఫిర్యాదు చేస్తుంది. అది నిలబడదు. మామూలుగా ఫొటో మీద హక్కు తీసినవారిది, అందులో ఉన్నవారిది కాదు. ఆమె పెట్టాల్సింది తన పేరిట నకిలీ ఖాతా నడుస్తోందన్న ఫిర్యాదు, యాప్‌లోనూ cybercrime.gov.in లోనూ. దానికి ముందే స్క్రీన్‌షాట్‌తో పాటు ఖాతా లింకు, తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి. ఖాతా మాయమయ్యాక వెతకాలంటే అవే ఆధారం. గోప్యత, కాపీరైట్, వేధింపు మూడూ ఇందులోనే వచ్చాయి, ఒక్క పిల్ల పేరూ రాలేదు.

ఫారాలు ఇప్పటికే చేతులు మారుతున్నాయి సార్. జాబితా ఎప్పుడైనా తీరిగ్గా మార్చుకోండి. ముందు ఆ పేర్లు అడగడం ఆపించండి, నిండిన ఫారాలు ఏం చేయాలో రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్లో చెబితే మేము వినము.

ఇట్లు,
అనంతపురం డిగ్రీ అధ్యాపకులు కొందరు