శ్రీనుగాడికి, మండపం ఫోటోల సంగతి

ఒరేయ్ శ్రీనూ,

చెల్లెమ్మ పెళ్లికి డెకరేషన్ వాళ్లిచ్చిన మూడు ఫోటోలూ చూశాను. మూడూ హాలు ఖాళీగా ఉన్నప్పుడు, సరిగ్గా మధ్యలో నిలబడి, వైడ్ లెన్స్‌తో తీసినవే. అలా తీస్తే ఏ మండపమైనా బాగానే కనిపిస్తుందిరా. పెళ్లిరోజు ఆ చోట నిలబడేది వీడియోవాళ్లు, చుట్టాలు కాదు.

మీ ఇంట్లో అందరికీ నచ్చిన రెండోది తీసుకో. స్టేజీ అంచున బంతిపూలు నిండుగా పేర్చారు. కానీ లెక్క వెయ్యి. స్టేజీ 3 అడుగులు, పూలు ఇంకో అడుగున్నర. కుర్చీలో కూర్చున్న పెద్దాయన కళ్లు నేలకి 4 అడుగుల ఎత్తులో ఉంటాయి. అంటే ఆయన చూపు పూల మీదుగా పైకి పోతుంది. పీటల మీద ఉన్నవాళ్ల తలలు, భుజాలు కనిపిస్తాయి గానీ కాళ్లు కడగడం, కన్యాదానంలో చేతులు కనిపించవు. ముందు వరసలో మేనమామకే కనపడకపోతే ఆ పూలెందుకు? వాటిని స్టేజీ మీద కాకుండా ముందువైపు కిందికి వేలాడదీయమను.

స్తంభాలు కూడా చూడు. జీలకర్ర బెల్లం అప్పుడు అడ్డుతెరకి చెరోవైపు ఎదురెదురుగా కూర్చుంటారు కదా, పక్క వరసలవాళ్లకి పూలు చుట్టిన ముందు స్తంభం సరిగ్గా ఒకరికి అడ్డం వస్తుంది. ముందు రెండూ సన్నగా ఉంచి, కాస్త దూరం జరిపిస్తే చాలు. తలంబ్రాలప్పుడు చుట్టూ మూగే బంధువులకి మాత్రం ఏ డెకరేషన్‌లోనూ మందు లేదు!

మొదటిది, ఆ తెల్లగులాబీల గోడ, రిసెప్షన్‌కి పెట్టుకో. ముహూర్తానికి వద్దు. మధుపర్కాలు తెల్లనివి, వెనక తెలుపు, ఫోటోలో భుజాల అంచులే తెలియవు. పైగా ఊదా లైట్లు. మొహం మీద అవి పడితే పసుపు, గంధం రంగు పోతుంది. ఎడిటింగ్‌లో సరిచేద్దామన్నా చర్మం బూడిదరంగుకి తిరుగుతుంది. మొహాల మీద ఒకే రకం తెల్లలైటు, రంగులన్నీ వెనక గుడ్డ మీదకే అని గట్టిగా చెప్పు.

నా ఓటు మూడోదానికి. కొబ్బరాకు అల్లిక, అక్కడక్కడా పూలు. ఫోన్‌లో చూస్తే వెలవెలబోతోంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ముదురాకుపచ్చ ముందు తెల్ల మధుపర్కం, ఎర్ర పట్టుచీర రెండూ తేలతాయి. నమ్మకపోతే మూడు ఫోటోల్లోనూ పీటలున్న చోటి పక్కన పెళ్లిఫోటో ఏదైనా పెట్టుకుని చూడు, మనిషి వెనకదాంట్లో కలిసిపోతున్నాడో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒక్కటే లోపం, పక్కనున్న ఎల్‌ఈడీ తెర. వీడియోలో గీతలు పాకుతాయి, ముహూర్తం టైముకి ఆపించు.

అడ్వాన్సు ఇచ్చే ముందు, నిజం పెళ్లిలో నాలుగో వరస పక్కకుర్చీ నుంచి తీసిన ఫోటో ఒకటి అడుగు. లైట్లవాడి నంబరు పంపు, వాడితో నేనే మాట్లాడతా. అమ్మని అడిగానని చెప్పు.

నీ
సత్తి