భిన్నాల పాఠం: రెండుసార్లు చెప్పాక తేలింది

అందరికీ నమస్తే. పర్లాకిమిడిలో మేం నలుగురు టీచర్లం కలిసి చేసిన నాలుగో తరగతి పాఠం గురించి, రాలేకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను.

ప్లాన్ చేసేటప్పుడే అనుకున్నాం, 1/3, 1/4లో ఏది పెద్దదంటే పిల్లలు 4ను చూసి 1/4 అంటారని. అందుకే కాగితం పట్టీలు మడిపించి పోల్చించాలనుకున్నాం. మొదటిసారి నేను చెప్పాను. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లల దగ్గర కూర్చుని, సాయం చేయకుండా, వాళ్లన్న మాట అన్నట్టే రాసుకున్నారు.

నాకు క్లాసు బాగా జరిగిందనిపించింది. నోట్సు చూశాక తెలిసింది. పట్టీని మూడు సమభాగాలుగా మడవడం పిల్లల చేత కాలేదు, సగం సమయం దానికే పోయింది. ఒక పాప మడతలు ఎక్కువ తక్కువగా వచ్చి, ఆమె 1/3 ముక్క 1/4 కన్నా చిన్నదైంది. తప్పు జవాబుకు మన పట్టీయే సాక్ష్యమిచ్చింది! అదే పాప పక్కపిల్లతో "పావు కిలో కన్నా అర కిలో ఎక్కువ కదా" అంది. ఆ మాట నాకు వినపడనే లేదు.

అందుకని పాఠం మార్చాం. ముందు అర, పావు, అరపావు. ఇవి సగానికి సగం మడిస్తే వచ్చేస్తాయి. మడిచే ముందే ఏది పెద్దదో రాయించాం. మూడో వంతుకు గీతలు గీసిన పట్టీలే ఇచ్చాం. రెండో సెక్షన్‌లో మరో టీచరమ్మ చెప్పినప్పుడు, మేం చూసిన ఆరుగురిలో ఐదుగురు "ఎక్కువమందికి పంచితే ముక్క చిన్నదవుతుంది" అని సొంతంగా చెప్పారు.

2/3, 3/4 పోలిక దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నారు. దానికి పట్టీలు వాడాలా, సంఖ్యారేఖా? శనివారం వచ్చేటప్పుడు మీ పిల్లల నోటుబుక్కులు రెండు మూడు తీసుకురండి.