ఒక్క తెరే చూసి మార్కులు తీసేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

హన్మకొండలో నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మొన్న జనవరిలో ఒక సైన్స్ ప్రదర్శనకు మా పిల్లలు మాక్-జెండర్ ఇంటర్‌ఫెరోమీటర్ అనే, కాంతిని రెండుగా చీల్చి మళ్లీ కలిపి చూపే పరికరం పట్టుకెళ్తే, జడ్జీలు "వెలుగు పోతోంది, సెట్టింగ్ కుదరలేదు" అని మార్కులు తీసేశారు. వెలుగు ఎక్కడికీ పోలేదు, పక్క తెర మీదే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

మన ల్యాబుల్లో అందరికీ అలవాటైంది మైకెల్సన్ పరికరం. అందులో కాంతిని చీల్చేదీ కలిపేదీ ఒకే బీమ్ స్ప్లిటర్, రెండో దారిన బయటికొచ్చే వెలుగు లేజర్ వైపే తిరిగిపోతుంది కాబట్టి మనం చూసేది ఒకే తెర. మాక్-జెండర్‌లో మొదటి స్ప్లిటర్ కాంతిని రెండు దారుల్లో పంపుతుంది, ఒక్కో దారిలో ఒక్కో అద్దం, చివర్లో విడిగా పెట్టిన రెండో స్ప్లిటర్ ఆ రెంటినీ కలుపుతుంది. బయటికొచ్చే దారులు రెండు, రెండూ చూడాల్సినవే. ఒకటి మసకబారినంత మేర రెండోది వెలుగుతుంది, మొత్తం మాత్రం మారదు.

మా అమ్మాయి ఒకామె ఒక దారి కింద అరచేయి పెట్టి చూపించింది. చేతి వేడికి పైనున్న గాలి పలచబడి కాంతిని అది ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే వక్రీభవన గుణకం కాస్త తగ్గుతుంది. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌కి, 10 సెంటీమీటర్ల మేర గాలిలో గుణకం 0.00000325 మారితే చాలు, ఆ దారి అర తరంగం తేడా పడి ఒక తెర మీది వెలుగంతా రెండో తెరకు మారిపోతుంది. ఇంతకీ అంత మార్పుకి గాలి సుమారు మూడున్నర డిగ్రీలు వేడెక్కితే సరిపోతుంది. చలికాలం పొద్దున అరచేతికి అదేం పెద్ద పని కాదు! పైన ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం వెలుగు ఊగుతూనే ఉంటుంది, ఆ రోజు హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, ఆపమని అడిగితే ఒప్పుకోలేదు.

సెట్టింగ్ తప్పా, లేక రెండు దారుల తరంగాలు కలిసి ఒకచోట బలపడి ఒకచోట రద్దయ్యే వ్యతికరణమే నిజంగా జరుగుతోందా అని తేల్చడానికి చిన్న కాగితం ముక్క చాలు. ఒక దారికి కాగితం అడ్డం పెడితే రెండు తెరల మీదా మొదట్లో వచ్చిన కాంతిలో దాదాపు నాలుగో వంతు చొప్పున పడాలి. చీకటిగా ఉన్న తెర, ఒక దారి మూసేశాక వెలిగిందంటే అంతకుముందు రెండు దారుల కాంతీ అక్కడ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటోందన్నమాట. సెట్టింగే తప్పయి రెండు కిరణాలూ కలవకపోతే, చేయి పెట్టినా తీసినా రెండు తెరల్లో ఏదీ మారదు. పిల్లలు ఇదీ చూపిస్తామన్నారు, జడ్జీలు టైం లేదన్నారు.

నిర్వాహకులను అడిగేది ఇంతే. వచ్చేసారి ఇలాంటి పరికరానికి ఫ్యాన్ గాలి తగలని మూల ఇవ్వండి, జడ్జీలు రెండు తెరలూ చూసి, కాగితం పరీక్ష చేయించాకే మార్కులు వేయాలని ముందే రాసిపెట్టండి. మా పిల్లల పరికరం ఇంకా విప్పలేదు, ఆ జడ్జీలు వస్తామంటే రేపైనా చూపిస్తాం.

- ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హన్మకొండ