రౌండ్ టేబుల్ ప్రశ్న: ఏ క్లూతో మొదలుపెట్టాలి?

నిన్నటి మాక్‌లో చాలామంది వదిలేసిన సీటింగ్ ప్రశ్న లాంటిదే ఇది. ఆరుగురు టేబుల్ చుట్టూ కేంద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. ఉమ గోపి పక్కన లేదు. మధు లత పక్కన ఉన్నాడు. గోపి రవికి ఎడమవైపు రెండో స్థానంలో ఉన్నాడు. లత రవికి ఎదురుగా ఉంది. ఆరో మనిషి సీత. రవికి వెంటనే కుడి పక్కన ఎవరు?

"పక్కన లేదు" అనే క్లూతో మొదలుపెడితే గంటైనా తేలదు. కచ్చితమైన చోటు చెప్పే క్లూలే ముందు వాడాలి. వృత్తం గీసి, ఆరు గుర్తులు పెట్టి, రవిని అడుగున రాయండి. అడుగున ఉన్నవాడి ఎడమ, పేపర్ మీద మన ఎడమ ఒకటే, తికమక ఉండదు. అడుగు చోటు 1 అనుకుని గడియారం ముల్లు తిరిగే వైపు నంబర్లు వేస్తే గోపి 3, లత 4. లతకు ఒక పక్క గోపి ఉన్నాడు కాబట్టి మధు 5. మిగిలినవి 2, 6. 2 గోపి పక్కదే, అందుకని ఉమ 6, సీత 2. జవాబు ఉమ.

అందరూ ఒకే వైపు చూస్తుంటే మొదటినుంచి చివరిదాకా ఎడమ కుడి తారుమారు చేసినా జవాబు మారదు, బొమ్మ అద్దంలోలా తిరుగుతుందంతే. మధ్యలో మార్చారో, పోయింది! కొందరు లోపలికి, కొందరు బయటికి చూసే ప్రశ్నలో మాత్రం ప్రతి పేరు పక్కనా బాణం గుర్తు తప్పదు.