హెల్మెట్ ఉంది, పట్టీ బిగించలేదు

సంపాదకులకు,

మా వీధిలో 19 ఏళ్ల కుర్రాడు పోయిన నెల బైక్ ప్రమాదంలో చనిపోయాడు. స్పీడే చంపిందన్నారు అందరూ. అమెరికా వైద్యుడు విలియం హాడన్ ప్రమాదాన్ని మూడు దశల్లో చూడమన్నాడు: ముందు, ఢీకొన్న క్షణం, ఆ తర్వాత.

స్పీడు నిజమే. కానీ ఆ మలుపులో దీపం లేదు, రోడ్డు మీద ఇసుక ఉంది. ఇది మొదటి దశ.

హెల్మెట్ పెట్టుకున్నాడు, పట్టీ మాత్రం బిగించలేదు. పడగానే అది ఊడి దూరంగా దొర్లింది. తర్వాత నేనే చేతిలోకి తీసుకుని చూశాను, గీత కూడా పడలేదు. దెబ్బ తగిలితే లోపలి థర్మోకోల్ పొర నలిగి ఆ తాకిడిని తాను తీసుకుంటుంది. తల మీద ఉంటేనే కదా! పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకు లాగి చూడాలి. ఊడివస్తే ఆ సైజు పనికిరాదు.

ఇక మూడో దశ. పోలీసు కేసవుతుందన్న భయంతో చాలాసేపు ఎవరూ ముట్టుకోలేదు. చివరికి మెడకు ఆసరా లేకుండా ఆటోలో కుక్కారు. సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ మాట ప్రతి ప్రమాదకర మలుపులో, 108 నంబరుతో పాటు బోర్డు మీద రాయించాలి. ట్రాఫిక్ పోలీసులు హెల్మెట్‌తో పాటు పట్టీ కూడా చూడాలి.

- ఒక పాఠకుడు