కూడలిలో మాటసాయం చేసిన మీకు

చూపు పోయిన ఏడాదికి, తెల్లకర్రతో మొదటిసారి ఒంటరిగా కూడలి దాటబోతున్న నన్ను చెయ్యి పట్టి లాగకుండా, "మీరు కాస్త కుడికి తిరిగి ఉన్నారండీ" అని మాత్రమే చెప్పిన మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు. అడ్డంగా పోయే వాహనాల చప్పుడు ఆగి, నా కుడి పక్కన, నేను వెళ్లే దిశకే నిలిచి ఉన్న వాహనాలు ఒక్కసారిగా కదిలినప్పుడే అడుగు వేయాలని శిక్షకురాలు నేర్పారు. అయితే ఆ చప్పుడుకు సమాంతరంగా నిలబడకపోతే, అడుగడుగుకూ పక్కకు జరిగి కూడలి నడుమకు చేరిపోతాం. ఎవరైనా లాగితే ఆ దిశ పూర్తిగా చెదిరిపోతుంది. మీ మాటతో పాదాలు సరిచేసుకుని, ఎడమ అడుగుకు కర్రను కుడివైపు, కుడి అడుగుకు ఎడమవైపు తాకిస్తూ నడిచాను. ఎదుటి కాలిబాట అంచు కర్రకు తగిలింది.